కలవని రెండు చూపులు

పైలట్ బెలూన్ చూడటానికి పిల్లలాడుకునే బుడగలాగే ఉంటుంది, కాస్త పెద్దది, అంతే. దాని నిండా హైడ్రోజన్ పట్టి వాతావరణ కేంద్రం మేడ మీద నుంచి వదులుతారు. ఆకాశం నిర్మలంగా ఉంటే తెల్లది, మబ్బుగా ఉంటే ఎర్రదో నల్లదో. రాత్రయితే కింద చిన్న దీపం కడతారు. అది ఎటు కొట్టుకుపోతే ఆ ఎత్తులో గాలి అటు వీస్తున్నట్టు. దాంట్లో పరికరమేదీ ఉండదు కాబట్టి అది తన సంగతి తాను చెప్పుకోలేదు. కింద నిలబడ్డ మనిషే థియోడొలైట్‌లోంచి దాన్ని వెంటాడుతూ, నిమిషానికోసారి రెండు కోణాలు రాసుకోవాలి. ఉత్తరం నుంచి ఎంత పక్కకి తిరిగి చూస్తున్నాడన్నది ఒకటి, నేల మట్టం నుంచి ఎంత తలెత్తి చూస్తున్నాడన్నది రెండోది. మొదటిదాన్ని దిక్కు కోణం అనీ, రెండోదాన్ని ఎత్తు కోణం అనీ పిలుచుకుందాం.

ఈ రెండు కోణాలతో బెలూన్ ఏ దిశలో ఉందో తెలుస్తుంది, ఎంత దూరంలో ఉందో తెలియదు. అందుకని ఒకే థియోడొలైట్ ఉన్నచోట ఒక ఊహ మీద ఆధారపడతారు. ఇంత బరువున్న బెలూన్‌లో ఇంత గ్యాసు పడితే నిమిషానికి ఇన్ని మీటర్లు పైకి లేస్తుందని ముందే లెక్క కట్టి, గడిచిన సమయాన్ని బట్టి ఎత్తు ఇంత అనుకుంటారు. ఎండ కాసి నేల వేడెక్కిన మధ్యాహ్నం పూట పైకి ఎగదన్నే గాలి ఈ ఊహని చెడగొడుతుంది. బెలూన్ అనుకున్నదానికన్నా ఎత్తున ఉంటే, మనం వేసిన దూరమూ తప్పుతుంది, దాన్నుంచి తీసిన గాలి వేగమూ తప్పుతుంది.

ఊహ వద్దనుకుంటే రెండో థియోడొలైట్ పెట్టాలి. కొలిచిన దూరంలో, కిలోమీటరు అవతల అనుకుందాం, ఇంకో మనిషి నిలబడి అదే క్షణాన అదే బెలూన్‌ని చూస్తాడు. ఇద్దరి చూపులూ రెండు సరళ రేఖలు. రెండు రేఖలు కలిసే చోట బెలూన్ ఉంటుంది. వినడానికి ఇంతే.

కానీ ఆ రేఖలు కలవవు. ఏ నిమిషం రీడింగు తీసుకున్నా, లెక్క వేసి చూస్తే ఒకదాని పక్క నుంచి ఒకటి తప్పుకుని పోతాయి. మీటరు దూరంలోనో, పది మీటర్ల దూరంలోనో. కాగితం మీద రెండు గీతలు గీస్తే, అవి సమాంతరం కాకపోతే చాలు, ఎక్కడో ఒకచోట కలిసి తీరాలి. అక్కడ తప్పుకోవడానికి చోటు లేదు. త్రిమితీయ ప్రదేశంలో చోటుంది. అక్కడ రెండు రేఖలు కలవడమే అరుదు. చూపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒకటి పైనుంచీ ఒకటి కిందనుంచీ వెళ్లిపోతాయి. ఇలా సమాంతరమూ కాక, కలవనూ కలవని రేఖల్ని అసతలీయ రేఖలంటారు. ఏ ఒక్క తలమూ ఆ రెండింటినీ కలిపి మోయలేదు.

ఇంటర్ మొదటి ఏడాది గణితం చదివినవాళ్లకి సదిశల లబ్ధం పాఠంలో ఈ రేఖల మధ్య కనిష్ఠ దూరానికి సూత్రం తగిలే ఉంటుంది. అంకెలు పెట్టి, జవాబు రాసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయిన సూత్రం. ఆ లెక్క దూరంతో ఆగిపోతుంది. బెలూన్ వెంట పడ్డవాడికి దూరం ఒక్కటే సరిపోదు. రెండు రేఖలూ అతి దగ్గరగా వచ్చే ఆ రెండు బిందువులు ఎక్కడున్నాయో కావాలి, ఎందుకంటే బెలూన్ ఉంటే గింటే వాటి మధ్యనే ఉండాలి. అసలు ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకం దీన్నెందుకో పట్టించుకోలేదు.

ముందు ఆ బిందువులు ఎలాంటివో చూద్దాం. మీరు కూర్చున్న గదిలోనే చూడొచ్చు. ఒక గోడ నేలని తాకే అంచు ఒక రేఖ. దాని పక్క గోడ పైకప్పుని తాకే అంచు ఇంకో రేఖ. ఒకటి నేల మీద పడుకుని ఉంది, ఇంకొకటి కప్పుకి అంటుకుని అడ్డంగా పోతోంది. ఎంత పొడిగించినా ఇవి కలవవు. వీటి మధ్య అతి తక్కువ దూరం ఎక్కడ? ఆ రెండు గోడలూ కలిసే మూలలో, నిలువుగా. అక్కడ మూల అంచు నేల రేఖకీ లంబంగా ఉంది, కప్పు రేఖకీ లంబంగా ఉంది. దాని పొడవే గది ఎత్తు.

ఇది గదికి మాత్రమే చెల్లే మాట కాదు. ఎలా ఏటవాలుగా ఉన్న ఏ రెండు అసతలీయ రేఖల్ని తీసుకున్నా, వాటికోసం ఒక గదిని ఊహించుకోవచ్చు. ఒక రేఖ పూర్తిగా నేలలో ఉండేలా, రెండోది పూర్తిగా కప్పులో ఉండేలా, నేలా కప్పూ సమాంతరంగా ఉండేలా. అలాంటి గది ఎప్పుడూ ఒకటే ఉంటుంది. కాకపోతే అది మన గదిలా నిటారుగా కాక, ఒరిగి ఉండొచ్చు. ఆ గదికి ‘పైకి’ ఏ దిశో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. రెండు రేఖల దిశల వజ్ర లబ్ధం తీస్తే వచ్చేది ఆ దిశే, ఎందుకంటే వజ్ర లబ్ధం రెండింటికీ లంబంగా ఉంటుంది.

ఇక దూరం తేలిక. నేల మీద ఏదో ఒక బిందువు నుంచి కప్పు మీద ఏదో ఒక బిందువుకి కర్ర ఆనించండి. అది ఎంత వాలుగానైనా ఉండనివ్వండి, ఎంత పొడుగైనా కానివ్వండి. ఆ కర్ర నిలువుగా ఎంత లేచిందన్నది మాత్రం మారదు, అది గది ఎత్తే. మన లెక్కలో ఆ కర్ర సిద్ధంగా ఉంది. రెండు థియోడొలైట్ల మధ్య కొలిచిన ఆధార రేఖ ఒక కొస ఒక చూపు మీదా, ఇంకో కొస ఇంకో చూపు మీదా ఉంటుంది. దాన్ని గది ‘పైకి’ దిశ మీద ఎంత పడుతుందో కొలిస్తే చాలు. బిందు లబ్ధం చేసే పని అదే.

బిందువుల సంగతి కూడా గదిలోంచే తెలుస్తుంది. గది కప్పు అద్దమనుకుని నిట్టనిలువుగా పైనుంచి కిందికి చూడండి. రెండు రేఖలూ కలుసుకున్నట్టే కనిపిస్తాయి. ఎక్కడ కలుసుకున్నట్టు కనిపిస్తాయో అక్కడే, ఒకదాని కింద ఒకటి, మనక్కావలసిన రెండు బిందువులూ ఉంటాయి. అంటే కలవని రేఖల సమస్యని ఒక ప్రత్యేకమైన దిశ నుంచి చూస్తే కాగితం మీద కలిసే గీతల సమస్య అయిపోతుంది. ఆ దిశ కాకుండా వేరే చోట నుంచి చూసినా రేఖలు ఎక్కడో ఒకచోట ఖండించుకున్నట్టే కనిపిస్తాయి, కానీ అది సరైన చోటు కాదు. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఇప్పుడే పనికొస్తుంది.

ఒక నిమిషం రీడింగుని పూర్తిగా లెక్కకడదాం. అంకెలు నేను లెక్క తేలికగా నడవడానికి అమర్చినవే. పడమటి థియోడొలైట్ ఉన్న చోటుని మూలబిందువనుకుందాం. తూర్పు థియోడొలైట్ సరిగ్గా 1000 మీటర్లు తూర్పున, అదే మట్టంలో ఉంది. ఏ బిందువునైనా తూర్పుకి ఎంత, ఉత్తరానికి ఎంత, పైకి ఎంత అనే వరసలో రాద్దాం. బెలూన్ నిజంగా (500, 1000, 1000) దగ్గర ఉంది. ఈ సంగతి మనకి తెలుసు, కింద చూస్తున్న ఇద్దరికీ తెలియదు.

పడమటి మనిషి తప్పు లేకుండా చూశాడు. అతని రెండు కోణాల నుంచి సైన్లూ కొసైన్లూ వేసి దిశ తీస్తే (1, 2, 2) వచ్చింది. అంటే మీటరు తూర్పుకి పోయేసరికి రెండు మీటర్లు ఉత్తరానికీ, రెండు మీటర్లు పైకీ. తూర్పు మనిషి దిక్కు కోణం సరిగానే చదివాడు గానీ ఎత్తు కోణం డిగ్రీలో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ చదివాడు. 41.81 డిగ్రీలు రావాల్సింది 42.09 వచ్చింది. అతని దిశ (-50, 100, 100) కావాల్సింది (-50, 100, 101) అయింది. దిశకి పొడవుతో పనిలేదు గనక పెద్ద అంకెలున్నా ఫరవాలేదు.

ముందు పాత పద్ధతిలో చూద్దాం. కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో వేసేవాళ్లు ఎత్తు సంగతి పక్కన పెట్టి, నేల పటం మీద రెండు దిక్కు కోణాలతో గీతలు గీసేవాళ్లు. మన ఇద్దరి దిక్కు కోణాలూ సరైనవే కాబట్టి గీతలు (500, 1000) దగ్గర చక్కగా కలుస్తాయి. తర్వాత ఎత్తు కోణంతో ఎత్తు తీస్తారు. పడమటి కోణంతో తీస్తే 1000 మీటర్లు, తూర్పు కోణంతో తీస్తే 1010 మీటర్లు. అంటే ఆ చోట ఒక చూపు ఇంకో చూపుకి నిట్టనిలువుగా పది మీటర్ల పైనుంచి పోతోంది.

అయితే రేఖల మధ్య దూరం పది మీటర్లేనా? కాదు. నేల పటం మీద గీయడమంటే నిట్టనిలువుగా పైనుంచి చూడటం. ఈ రెండు రేఖల గది అలా నిటారుగా లేదు, ఒరిగి ఉంది. దాని ‘పైకి’ ఎటో చూద్దాం. u పడమటి దిశ, v తూర్పు దిశ, b ఆధార రేఖ.

```
u = (1, 2, 2)
v = (-50, 100, 101)
b = (1000, 0, 0)

n = u × v = (2, -201, 200)
d = |b · n| / |n| = 2000 / 283.56 = 7.05
```

n లో తూర్పు భాగం దాదాపు సున్నా. మిగతా రెండూ సమానంగా, ఒకటి దక్షిణానికీ ఒకటి పైకీ. అంటే ఈ గది ఉత్తరం వైపు నలభై అయిదు డిగ్రీలు లేచిన వాలు మీద కట్టినట్టు ఉంది. సహజమే, రెండు చూపులూ ఉత్తరానికి ఎంత పోతే పైకీ దాదాపు అంత పోతున్నాయి. నిలువుగా కొలిస్తే పది మీటర్లున్న ఖాళీ, ఆ వాలుకి లంబంగా కొలిస్తే 7.05 మీటర్లే. ఏటవాలు రేఖల మధ్య నిలువు దూరం కొలిచి అదే కనిష్ఠ దూరం అనుకోవడం ఈ లెక్కలో అందరూ చేసే పొరపాటు.

ఇప్పుడు బిందువులు. పడమటి రేఖ మీద u ని s రెట్లు చేస్తే వచ్చే బిందువు, తూర్పు రేఖ మీద v ని t రెట్లు చేస్తే వచ్చే బిందువు. ఈ రెండింటినీ కలిపే గీత రెండు రేఖలకీ లంబంగా ఉండాలన్న రెండు షరతుల్లోంచి s, t రెండూ తేలిపోతాయి.

```
s = (b × v) · n / |n|² = 40301000 / 80405 = 501.22
t = (b × u) · n / |n|² = 802000 / 80405 = 9.9745
```

వీటితో పడమటి రేఖ మీది బిందువు (501.2, 1002.4, 1002.4), తూర్పు రేఖ మీది బిందువు (501.3, 997.5, 1007.4). జవాబు సరైందో కాదో చూసుకోవడానికి తీసివేసి చూడండి. తూర్పుకి తేడా దాదాపు లేదు, ఉత్తరానికి 5, పైకి 5 మీటర్లు. వాటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే మళ్లీ ఏడు మీటర్లే. రెండు దారుల్లో వేరు వేరుగా వచ్చిన దూరం ఒక్కటైతే లెక్కలో ఎక్కడా గుర్తు తారుమారు కాలేదన్నమాట. నేనైతే ఈ సరిచూపు లేకుండా s, t లని నమ్మను, వజ్ర లబ్ధంలో మధ్య పదం గుర్తు మార్చడం అంత సులువుగా మర్చిపోతాం.

బెలూన్ ఈ రెండు బిందువుల మధ్య ఎక్కడో ఉంది. ఇద్దరూ బెలూన్‌కి సమాన దూరంలో ఉన్నారు గనక సరిగ్గా మధ్యలో పెడదాం, (501.3, 1000.0, 1004.9). నిజమైన చోటుకి ఇది అయిదు మీటర్ల పైన ఉంది. ఒకరు చాలా దగ్గరగా, ఇంకొకరు చాలా దూరంగా ఉంటే మధ్యలో పెట్టడం న్యాయం కాదు. కిలోమీటరు దూరం నుంచి చూసినవాడి చూపు పావు డిగ్రీ తప్పితే నాలుగు మీటర్ల పైచిలుకు జరుగుతుంది, నాలుగు కిలోమీటర్ల నుంచి చూసినవాడిదైతే పదిహేడు మీటర్లు. అందుకని బెలూన్‌ని దగ్గరివాడి రేఖకి చేరువగా జరుపుతారు.

వాతావరణ శాస్త్రంలో ఈ పొట్టి గీత పద్ధతిని కంప్యూటర్‌తో నడిపే తీరుని 1962లో నార్మన్ థయ్యర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచురించాడు. పటం మీద గీతల పద్ధతికి ఒక జబ్బుంది. బెలూన్ ఆధార రేఖకి నెత్తి మీదుగా వెళ్లేటప్పుడు రెండు దిక్కు కోణాలూ ఒకే గీత మీదకి వచ్చేస్తాయి, పటం మీద కలిసే బిందువే ఉండదు. అప్పుడు వేరే పటం, వేరే సూత్రం. కనిష్ఠ దూరపు పద్ధతికి ఈ ఇబ్బంది లేదు. రేఖలు పైనుంచి చూస్తే ఒకదాని మీద ఒకటి ఉన్నా, ఆకాశంలో వాటి మధ్య కోణం నిక్షేపంలా ఉంటుంది.

ఇంతకీ ఆ ఏడు మీటర్ల ఖాళీ మనకి ఏం చెబుతోంది? ఇది జాగ్రత్తగా చూడాల్సిన చోటు. రీడింగులు నాలుగు, ఇద్దరివి రెండేసి కోణాలు. తెలియనివి మూడు, బెలూన్ తూర్పుకి ఎంత, ఉత్తరానికి ఎంత, పైకి ఎంత. నాలుగులోంచి మూడు పోతే ఒకటి మిగిలింది. ఆ మిగిలిన ఒక్క ముక్క సమాచారమే రెండు రేఖల మధ్య ఖాళీ. పాత పద్ధతిలో మూడు కోణాలతో జవాబు తెచ్చుకుని, నాలుగోదానితో సరిచూసుకునేవాళ్లు. ఇక్కడ నాలుగింటికీ ఒకే గౌరవం, మిగులంతా ఖాళీలో కనిపిస్తుంది.

మిగిలింది ఒక్కటే కాబట్టి అది ఒక్క రకం తప్పునే పట్టగలదు. రెండు థియోడొలైట్లూ, బెలూన్, ఈ మూడింటి గుండా ఒక తలం పోతుంది. తూర్పు మనిషి చూపు ఆ తలంలోంచి బయటికి జరిగితే పడమటి చూపుని తప్పుకుని పోతుంది, ఖాళీ వస్తుంది. అతని చూపు ఆ తలంలోనే పక్కకి జరిగితే? ఒకే తలంలో ఉన్న రేఖలు కలిసి తీరతాయి గదా. ఖాళీ సున్నా.

అంకెల్లో చూడండి. మళ్లీ అదే బెలూన్, పడమటి చూపు అదే. ఈసారి తూర్పు మనిషి దిక్కు కోణం అర డిగ్రీకి కాస్త తక్కువగా తప్పాడు, ఎత్తు కోణం డిగ్రీలో పదో వంతు తప్పాడు, రెండూ కలిసి అతని దిశ (-49, 100, 100) అయింది. మొత్తం మీద చూపు తప్పింది డిగ్రీలో మూడో వంతు, ఇందాకటి తప్పు కన్నా పెద్ద ఎక్కువేం కాదు. రెండు రేఖలూ (505, 1010, 1010) దగ్గర అచ్చంగా కలుస్తాయి. ఖాళీ లేదు, లెక్క ముచ్చటగా ఉంది, బెలూన్ మాత్రం పదిహేను మీటర్ల అవతల ఉంది. ఏడు మీటర్ల ఖాళీ వచ్చిన లెక్కలో తప్పు అయిదు మీటర్లే. ఖాళీ పెద్దదైతే ఎక్కడో తప్పుందని ఖాయంగా చెప్పొచ్చు. చిన్నదైతే తప్పు లేదని చెప్పడానికి మాత్రం వీల్లేదు. ఖాళీని కొలత నాణ్యతకి మార్కులుగా వేసే నివేదికల్ని అందుకే నేను కాస్త అనుమానంగా చదువుతాను.

బెలూన్ దూరం పోయేకొద్దీ ఈ అన్యాయం ముదురుతుంది. పైన లెక్కలో బెలూన్ ఒక్కొక్కరికి కిలోమీటరున్నర దూరంలో ఉంది, చూపుల మధ్య కోణం దాదాపు నలభై డిగ్రీలు. అది గాలికి కొట్టుకుపోయి 20 కిలోమీటర్ల దూరం చేరిందనుకోండి. కిలోమీటరు ఆధార రేఖ మీద నిలబడ్డవాళ్లకి చూపుల మధ్య కోణం మూడు డిగ్రీలు కూడా ఉండదు. ఒకరి చూపు డిగ్రీలో పదో వంతు తప్పితే అక్కడ పక్కకి 35 మీటర్లు జరుగుతుంది. తలం బయటికి జరిగితే ఖాళీ 35 మీటర్లు. తలంలోనే జరిగితే, దాదాపు సమాంతరంగా పోతున్న రెండు రేఖలు కలిసే చోటు ముందుకో వెనక్కో దాదాపు 700 మీటర్లు జారిపోతుంది, ఖాళీలో ఆ సంగతే కనిపించదు. చూపు పొడవునా వచ్చే ఈ తప్పు దూరం వర్గంతో పెరుగుతుంది. ఖాళీ దూరంతో మాత్రమే పెరుగుతుంది.

సూత్రంలో ఈ ప్రమాదం ముందే కనిపిస్తుంది. s, t రెండింటికీ కింద |n|² ఉంది. రేఖల దిశలు దగ్గరయ్యేకొద్దీ వజ్ర లబ్ధం కుంచించుకుపోతుంది, చిన్న సంఖ్యతో భాగించిన కొద్దీ పైన ఉన్న చిన్న తప్పు పెద్దదై కూర్చుంటుంది. పూర్తిగా సమాంతరమైతే n సున్నా, సూత్రం సున్నాని సున్నాతో భాగించమంటుంది. అక్కడ రేఖల మధ్య దూరం ఉంటుంది, ఒక రేఖ మీది ఏ బిందువు నుంచైనా రెండోదానికి లంబం గీస్తే చాలు. అతి దగ్గర బిందువులనే మాటకే అర్థం ఉండదు, ఎక్కడైనా అంతే దగ్గర. ప్రోగ్రాం రాసేవాళ్లు n అచ్చంగా సున్నానా అని చూసి ఊరుకుంటే సరిపోదు. కొలిచిన అంకెల్లో అచ్చమైన సున్నా రాదు. రెండు దిశల్నీ ముందు ఒక మీటరు పొడవుకి కుదించి, అప్పుడు n పొడవు చూడాలి. అది చూపుల మధ్య కోణానికి సైన్. మూడు డిగ్రీలకి 0.05 వస్తుంది. అలాంటి నిమిషాన్ని లెక్కలోంచి తీసెయ్యాలో, పక్కన గుర్తు పెట్టి ఉంచాలో ముందే నిర్ణయించుకోవాలి.

అందుకే ఆధార రేఖని గాలి సాధారణంగా వీచే దిశకి అడ్డంగా వేస్తారు. గాలి ఆధార రేఖ వెంటే వీస్తే బెలూన్ ఇద్దరికీ ఒకే దిక్కున పోతుంది, కాసేపట్లో కోణం మాయమవుతుంది.

ఖాళీని ఒక్క నిమిషానికి కాక వరసగా చూస్తే ఇంకొంత చెబుతుంది. దూరం తీసేటప్పుడు పైన ఉన్న విలువ గుర్తు తీసేయకుండా, b · n ప్లస్సో మైనస్సో అలాగే రాసుకోవాలి. గుర్తు అటూ ఇటూ మారుతూ చిన్న చిన్న ఖాళీలుంటే అది మనిషి కంటిలోని మామూలు తడబాటు. గుర్తు మారకుండా, బెలూన్ దూరం పోతున్నకొద్దీ ఖాళీ పెరుగుతుంటే ఏదో ఒక థియోడొలైట్ మట్టం సరిగా లేదు, లేదా దాని ఉత్తరం సరిగా పెట్టలేదు. దూరంతో పని లేకుండా దాదాపు ఒకే కొలతలో ఉంటే రెండు కేంద్రాల ఎత్తు తేడాని లెక్కలో వెయ్యడం మర్చిపోయారు. అన్నీ బాగుండి ఒక్క నిమిషంలో మాత్రం వంద మీటర్లు లేచిందంటే ఎవరో అంకె తప్పు చదివారు, పక్క నిమిషాలతో పోలిస్తే ఏ అంకో తెలిసిపోతుంది. ఇద్దరి గడియారాలూ కలవకపోవడం ఇంకో సంగతి. సెకనుకి పది మీటర్ల గాలిలో రెండు సెకన్ల తేడా అంటే బెలూన్ ఇరవై మీటర్లు నడిచినట్టు. ఇద్దరూ కచ్చితంగా చూశారు, చూసింది మాత్రం రెండు వేరు వేరు చోట్లని.

s, t ల గుర్తు కూడా చూడాలి. రేఖ రెండు వైపులా అనంతంగా పోతుంది, చూపు ముందుకే పోతుంది. s మైనస్ వచ్చిందంటే అతి దగ్గర బిందువు చూసేవాడి వీపు వెనక ఉందని లెక్క చెబుతోంది. ఖాళీ ఎంత చిన్నదైనా ఆ జవాబు పనికిరాదు. చాలాసార్లు దిక్కు కోణం 180 డిగ్రీలు తిరగబడి ఉంటుంది, లేదా ఆధార రేఖని పడమటి నుంచి తూర్పుకి బదులు తూర్పు నుంచి పడమటికి వేసి ఉంటారు.

తలంలోని తప్పుని పట్టాలంటే ఈ రెండు రేఖలతో కుదరదు, మూడో థియోడొలైట్ కావాలి, అదీ మొదటి రెండింటి వరసలో కాకుండా పక్కకి. అప్పుడు రీడింగులు ఆరు, తెలియనివి మూడే, మిగులు మూడు. మూడు రేఖలకీ ఉమ్మడి లంబం అనేది సాధారణంగా ఉండదు కాబట్టి, మూడింటి నుంచీ దూరాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యే బిందువుని వెతుకుతారు. రెండే రేఖలున్నప్పుడు ఇదే షరతు పెడితే వచ్చేది మనం పైన తీసిన పొట్టి గీత నడిమి బిందువే. మూడో మనిషినీ మూడో పరికరాన్నీ పెట్టుకోలేనప్పుడు ఆధార రేఖని పొడిగిస్తారు. రెండు కిలోమీటర్లు చేస్తే 20 కిలోమీటర్ల దగ్గర 700 మీటర్ల తప్పు 350కి దిగుతుంది. ఖాళీ మాత్రం ముందటిలాగే 35 మీటర్ల దగ్గరే ఉంటుంది.